పొలం నుంచి రాజనగరు దాకా: క్యారల్ సర్వీసులో కథ నడిపే మాటలు

లూకా సువార్తలో తూర్పు దేశపు జ్ఞానులు లేరు. మత్తయి సువార్తలో గొర్రెల కాపరులు లేరు. గబ్రియేలు దూత మరియ దగ్గరకు వచ్చిన సంగతి లూకా రాశాడు, యోసేపుకు వచ్చిన కల సంగతి మత్తయి రాశాడు. పశువుల తొట్టి లూకాది, నక్షత్రం మత్తయిది. మార్కు సువార్త యేసు పుట్టుక జోలికే పోదు. యోహాను సువార్త సృష్టికి ముందు నుంచి మొదలుపెడుతుంది. క్రిస్మస్ కథ అని అందరూ చెప్పుకునేది బైబిల్లో ఏ ఒక్క చోటా మొదటి నుంచి చివరి దాకా ఒకే వరుసలో దొరకదు.

ఆ వరుసను డిసెంబరులో ఒక సాయంత్రం, గంట సేపట్లో, కొన్ని చిన్న వాక్యభాగాలతో, కొన్ని పాటలతో కూర్చి చూపించేదే క్యారల్ సర్వీసు. వాక్యం చదివేవాళ్లు కొందరు, పాడేవాళ్లు కొందరు. వాళ్ల నడుమ నిలబడి, వింటున్నవాళ్లను నజరేతు నుంచి బేత్లెహేముకు, పొలం నుంచి హేరోదు కొలువుకు తీసుకెళ్లే మనిషి వ్యాఖ్యాత. చదివే నాలుగైదు వాక్యాలను వ్యాఖ్యానం అంటారు, మన చర్చిల్లో చాలామంది నెరేషన్ అనే అంటారు. చూడటానికి చిన్న పని. కానీ సర్వీసు ఒక కథలా నడిచిందా, పాటల పోటీలా సాగిందా అనేది ఎక్కువగా ఈ కొద్ది మాటల మీదే ఆధారపడుతుంది.

ఈ పద్ధతికి ఇవాళ ప్రపంచమంతా చూపించే నమూనా ఇంగ్లండులో పుట్టింది. 1880 డిసెంబరు 24 రాత్రి, కార్న్‌వాల్ ప్రాంతంలోని ట్రూరో పట్టణంలో ఎడ్వర్డ్ వైట్ బెన్సన్ అనే బిషప్ తొమ్మిది వాక్యపాఠాలు, వాటి మధ్య క్యారల్స్‌తో ఒక ఆరాధన జరిపాడు. అప్పటికి ట్రూరోలో పెద్ద చర్చి కట్టడం మొదలైందే గానీ పూర్తి కాలేదు, ఆరాధనలన్నీ తాత్కాలికంగా వేసిన చెక్క కట్టడంలో జరుగుతుండేవి. తొమ్మిది పాఠాలు అన్న లెక్క బెన్సన్ కొత్తగా కనిపెట్టింది కాదు, పాతకాలపు పండుగ ఆరాధనల్లో ఉన్నదే. చదివేవాళ్ల వరుసను కూడా ఆయన ఆలోచించి పెట్టాడు. మొదటి పాఠం పాటలు పాడే కుర్రాడు చదువుతాడు, అక్కడి నుంచి ఒక్కో మెట్టూ ఎక్కుతూ చివరి పాఠం బిషప్ చదువుతాడు.

దాన్ని లోకానికి తెలియజేసింది కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాల. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంతో పాటు చాప్లిన్‌గా పనిచేసి వచ్చిన ఎరిక్ మిల్నర్-వైట్, 1918లో ఆ కళాశాల డీన్ అయ్యాడు. యుద్ధం ముగిసిన ఆ ఏడాదే క్రిస్మస్ ముందు రోజున కళాశాల చర్చిలో ఈ ఆరాధన పెట్టాడు. 1928లో బీబీసీ దాన్ని రేడియోలో ప్రసారం చేసింది. 1930లో ఒక్కసారి తప్ప అప్పటి నుంచి ఏటా ప్రసారం చేస్తూనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చర్చి పాత గాజు కిటికీలను ఊడదీసి దాచినప్పుడు కూడా ఆరాధన ఆగలేదు.

కింగ్స్ ఆరాధనను ఒక్కసారైనా శ్రద్ధగా విన్నవాళ్లు గమనించే విషయం ఒకటుంది. అందులో వ్యాఖ్యాత లేడు. ఆరంభంలో మిల్నర్-వైట్ రాసిన ఒక ప్రార్థన ఆహ్వానం ఉంటుంది. మనసులో బేత్లెహేము దాకా వెళదామని సభను పిలిచి, బీదలను, రోగులను, మరణించి మన కంటికి కనిపించని వాళ్లను తలచుకోమంటుంది. ఎంతోమంది కొడుకులను యుద్ధంలో పోగొట్టుకున్న ఊళ్లో 1918లో ఆ మాటలు విన్నవాళ్లకు అవి ఎంత దగ్గరగా తాకి ఉంటాయో ఊహించవచ్చు. ఆ తరువాత ప్రతి పాఠానికీ ముందు చదివేవాళ్లు ఒకే ఒక్క వాక్యం చెబుతారు: ఈ పాఠంలో ఏం జరుగుతుందో అంతే. వాక్యం అయిపోతుంది, పాట మొదలవుతుంది. ఏ పాట పాడబోతున్నారో, ఎవరు పాడుతున్నారో చెప్పే ప్రకటన ఎక్కడా వినిపించదు. అవన్నీ చేతిలోని కాగితంలో ఉంటాయి.

ఒక్కో వాక్యంతోనే కథ ఎలా నిలబడింది? వాక్యభాగాలను కత్తిరించిన తీరులో ఆ రహస్యం ఉంది. ఏదెను తోటలో ఆదాము దాక్కున్న దగ్గర మొదలవుతుంది. అబ్రాహాముకు దేవుడు చేసిన వాగ్దానం, యెషయా చెప్పిన రెండు ప్రవచనాలు, ఆ పైన మరియకు దూత చెప్పిన వార్త, బేత్లెహేము, కాపరులు, జ్ఞానులు, చివరికి యోహాను మొదటి అధ్యాయం. కథకు పనికిరాని వచనం వస్తే మొహమాటం లేకుండా దాటేస్తారు. లూకా రెండో అధ్యాయంలో మొదటి వచనం చదివి, రెండోది వదిలి, మూడో వచనానికి వెళ్లే అలవాటు అక్కడ ఉంది. ఆ రెండో వచనంలో కురేనియు అనే అధికారి పేరు వస్తుంది. అది చరిత్రకారులకు ముఖ్యం. కథ వింటున్నవాడికి మాత్రం మళ్లీ కనిపించని ఒక కొత్త పేరు. యెషయా తొమ్మిదో అధ్యాయంలోనూ అంతే, రెండో వచనం నుంచి నేరుగా ఆరుకూ ఏడుకూ వెళతారు. చీకటిలో వెలుగు, ఆ వెంటనే శిశువు.

మన దగ్గర పరిస్థితి వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చర్చిల్లో క్యారల్ సర్వీసు అంటే ఒక్క క్వాయర్ పని కాదు. సండే స్కూలు పిల్లలు, యూత్, స్త్రీల సమాజం, పెద్దల క్వాయర్, కొన్నిచోట్ల ఇంగ్లీషు క్యారల్స్ పాడే బృందం, ఇలా అందరూ వస్తారు. పిల్లల నాటిక ఉంటుంది. పాస్టరు గారి సందేశం ఉంటుంది. ఒక్కో వాక్యంతో ఇన్నిటినీ కలపడం కష్టం. అందుకే ఇక్కడ వ్యాఖ్యాత అవసరమయ్యాడు.

అసలు పాటకూ పాటకూ నడుమ కథ చెప్పే మనిషి తెలుగువాళ్లకు కొత్త కాదు. యక్షగానంలో దరువుకూ దరువుకూ మధ్య కథను అందించే సంధివచనాలు ఉండేవి. హరికథ దాసు గారు ఒక కీర్తన ముగించి, వచనంలో రెండు మాటలు చెప్పి, అదే ఊపులో తరువాతి కీర్తన ఎత్తుకుంటారు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటి కవులు రాగతాళాలతో రాసిన క్రైస్తవ కీర్తనలు చర్చిల్లోకి వచ్చినప్పుడు, మన సంగీతం వాక్యంతో కలిసింది. కథ చెప్పే ఆ మాట కూడా వెంట వస్తే బాగుంటుంది.

కానీ చాలాచోట్ల మైకులో వినిపించేది అది కాదు. "ఇప్పుడు యూత్ వారు ఒక చక్కని పాట పాడి దేవుణ్ణి మహిమపరుస్తారు, వారు సిద్ధంగా రావలసిందిగా కోరుతున్నాం" అన్న ప్రకటన వినిపిస్తుంది. అప్పటిదాకా కాపరుల పొలంలో ఉన్న శ్రోత ఒక్క క్షణంలో చర్చి బెంచీ మీదకు తిరిగి వచ్చేస్తాడు. ఆయన్ను మళ్లీ పొలానికి తీసుకెళ్లడానికి ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది. అందుకే వ్యాఖ్యానం రాయడానికి కూర్చున్నవాళ్లు మొట్టమొదట చేయాల్సింది ప్రకటనలన్నిటినీ తీసి కార్యక్రమ పత్రంలో వేయించడం. ఏ బృందం ఎప్పుడు లేవాలో కాగితం చెబుతుంది. వ్యాఖ్యాత కథ మాత్రం చెబుతాడు.

తరువాతిది సమయం. గంట సర్వీసును లెక్క వేసి చూద్దాం. ఏడు పాటలు, ఒక్కోటి నాలుగు నిమిషాలైతే 28 నిమిషాలు. ఏడు వాక్యభాగాలకు పది నిమిషాలు పోతాయి. సందేశానికి పది, ప్రార్థనలకూ ఆశీర్వాదానికీ ఐదు. మిగిలింది ఏడు నిమిషాలు. అంటే ఒక్కో వ్యాఖ్యానానికి ఒక్క నిమిషం. పెద్ద హాలులో మైకు ముందు నిదానంగా, వాక్యం వాక్యానికీ ఆగుతూ చదివితే నిమిషానికి ఎనభై మాటలకు మించి పోవు. వ్యాఖ్యానం రాసినవాళ్లు పేజీ నిండా రాసుకొచ్చారంటే అది రెండు నిమిషాలు దాటుతుంది, ఏడు చోట్లా కలిపి పావుగంట అవుతుంది. ఆ పావుగంటను సాధారణంగా పాటల్లో చరణాలు తగ్గించి సరిపెడతారు. పాడటానికి నెల రోజులు సాధన చేసిన పిల్లలకు అది అన్యాయం.

ఒక్క నిమిషంలో ఏం చెప్పాలి? ఇక్కడే చాలా వ్యాఖ్యానాలు దారి తప్పుతాయి. దూత కాపరులకు కనిపించాడని వ్యాఖ్యాత చెబుతాడు. వెంటనే ఒకరు లేచి లూకా రెండో అధ్యాయం చదువుతారు, అందులోనూ దూత కాపరులకు కనిపిస్తాడు. తరువాత క్వాయర్ కాపరుల పాట పాడుతుంది, అందులోనూ అదే జరుగుతుంది. ఒకే సంఘటన మూడుసార్లు. మూడోసారికి పిల్లలు కదలడం మొదలుపెడతారు. జరిగిన సంగతి చెప్పే హక్కు వాక్యానిది. దానికి స్పందించే పని పాటది. వ్యాఖ్యానానికి మిగిలింది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది చెప్పి, సంఘటన గుమ్మం దాకా తీసుకెళ్లి ఆగడం. తలుపు తెరవాల్సింది వాక్యం.

పాటలన్నీ ఒకే రకం కావు కాబట్టి ఈ పంపకం పాట పాటకూ మారుతుంది. 1700 నాటి నహుమ్ టేట్ రాసిన కాపరుల క్యారల్ 'వైల్ షెపర్డ్స్ వాచ్డ్' లూకా చెప్పిన ఘట్టాన్నే వరుస తప్పకుండా పద్యంలో పెట్టింది. అలాంటి పాట ఉన్నచోట ఆ వాక్యభాగాన్ని మళ్లీ చదవడం కంటే, పాటనే వాక్యంగా నిలబెట్టి, దాని తరువాతి వచనాలు చదవడం మేలు. 'సైలెంట్ నైట్' తెలుగు రూపం లాంటి జోలపాటలో కథ ముందుకు నడవదు. ఆ రాత్రి దగ్గర అందరినీ కాసేపు నిలబెడుతుంది. అది బిడ్డ పుట్టిన వచనం చదివిన తక్షణమే రావాలి, నడుమ ఎవరూ మాట్లాడకూడదు. ఇక 'జాయ్ టు ద వరల్డ్'ను ఐజాక్ వాట్స్ 98వ కీర్తన ఆధారంగా 1719లో అచ్చు వేయించాడు. అందులో తొట్టి లేదు, కాపరులు లేరు, మరియ లేదు. దాన్ని కథ మధ్యలో పెడితే కథ ఆగిపోతుంది, చివర పెడితే పండుగ అవుతుంది.

కింగ్స్‌లో 1919 నుంచి ప్రతి ఏడాదీ మొదటి పాట ఒక్కటే, సెసిల్ ఫ్రాన్సిస్ అలెగ్జాండర్ చిన్నపిల్లల కోసం రాసిన 'వన్స్ ఇన్ రాయల్ డేవిడ్స్ సిటీ'. మొదటి చరణం ఒక్క బాలుడే, వాయిద్యం లేకుండా పాడతాడు. అనగనగా అంటూ కథ చెప్పినట్టే ఆ పాట మొదలవుతుంది. అందుకే దానికి ముందు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని ఉండదు.

తెలుగు సర్వీసుకు ఒక వరుస వేసి చూద్దాం. యెషయా తొమ్మిది, లూకా ఒకటిలో మరియకు వచ్చిన వార్త, మత్తయి ఒకటిలో యోసేపు కల, లూకా రెండులో బేత్లెహేము ప్రయాణం, అదే అధ్యాయంలో కాపరులు, మత్తయి రెండులో జ్ఞానులు, చివర యోహాను ఒకటి. ఏడు భాగాలు. ఇందులో కష్టమైన అతుకులు రెండు ఉన్నాయి, రెండూ ఒక సువార్త నుంచి మరో సువార్తకు దాటే చోట్లే.

మొదటిది మరియ నుంచి యోసేపుకు. లూకాలో దూత వెళ్లిపోయాక మరియ ఎలీసబెతు ఇంటికి వెళుతుంది. మత్తయిలో కథ యోసేపు సందిగ్ధంతో మొదలవుతుంది. నడుమ వ్యాఖ్యానం ఇలా ఉండవచ్చు:

"మరియ యూదయ కొండసీమలో ఉన్న తన బంధువు ఎలీసబెతు ఇంటికి వెళ్లింది. మూడు నెలలు అక్కడే ఉండి ఇంటికి తిరిగి వచ్చింది. ఆమెకు యోసేపుతో ప్రధానం జరిగి ఉంది. పెళ్లి ఇంకా కాలేదు. యోసేపు నీతిమంతుడు, ఆమెను నలుగురిలో అవమానపరచడం అతనికి ఇష్టం లేదు. ఆమెను రహస్యంగా విడిచిపెట్టాలని ఆలోచించుకుంటున్నాడు."

ఇక్కడితో ఆగాలి. కల గురించి ఒక్క మాట కూడా ముందే చెప్పకూడదు. యోసేపు ఏం చేశాడన్నది వినాలనే ఆత్రం పుట్టించి మైకును చదివేవాళ్లకు వదిలేయాలి. ఈ ఐదారు వాక్యాల్లో దాదాపు అంతా లూకా, మత్తయి చెప్పిందే. ఆ రాత్రి యోసేపు నిద్రపోలేదనీ, వడ్రంగి పనిముట్లు చేతిలో పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడనీ రాయాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. ఆ కోరికను అణచుకున్న వ్యాఖ్యానమే బలంగా ఉంటుంది, ఎందుకంటే పక్కనే వినిపించే వాక్యం అలాంటి వర్ణనలేవీ చేయదు. పూతపూసిన వాక్యాల పక్కన అది వెలవెలబోతుంది.

ఊహ తెచ్చిపెట్టిన వస్తువులు ఈ కథలో ఇప్పటికే చాలా ఉన్నాయి. మరియ గాడిద మీద బేత్లెహేముకు వెళ్లిందని లూకా చెప్పలేదు. తొట్టి పక్కన ఎద్దు, గాడిద ఉన్నాయని కూడా చెప్పలేదు. జ్ఞానులు ముగ్గురని మత్తయి అనలేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులు ముగ్గురయ్యారు. వాళ్లు రాజులని కూడా ఆయన అనలేదు. పిల్లల నాటికలో ఇవన్నీ ఉండొచ్చు, వాటివల్ల నష్టం లేదు. వ్యాఖ్యాత గొంతులో మాత్రం వాక్యంలో ఉన్నదే వినిపించాలి. నజరేతు నుంచి బేత్లెహేముకు దూరం నేరుగా కొలిచినా నూరు కిలోమీటర్లు దాటుతుంది, అంతా కొండదారి, నిండు చూలాలితో ప్రయాణం. ఇది ఊహ కాదు, పటం చూసి చెప్పగలిగిన నిజం. గాడిద లేకపోయినా ఈ ఒక్క వాక్యం ఆ ప్రయాణం బరువును చెబుతుంది.

రెండో అతుకు ఇంకా క్లిష్టం: కాపరుల నుంచి జ్ఞానులకు. క్రిస్మస్ బొమ్మల్లో ఇద్దరూ ఒకే రాత్రి, ఒకే కొట్టంలో, చెరో పక్కా నిలబడి ఉంటారు. మత్తయిలో జ్ఞానులు వచ్చేసరికి బిడ్డ ఒక ఇంట్లో ఉన్నాడు. నక్షత్రం కనిపించిన కాలాన్ని బట్టి హేరోదు రెండేళ్ల లోపు మగపిల్లలను చంపించాడు. అంటే కొంత కాలం గడిచే ఉండాలి. లూకాలో మరో ఆధారం దొరుకుతుంది. నలభై రోజుల శుద్ధి దినాలు గడిచాక యెరూషలేము దేవాలయంలో ఆ తల్లిదండ్రులు అర్పించడానికి తెచ్చినవి పక్షులు. మోషే ధర్మశాస్త్రం గొర్రెపిల్లను తేలేని వాళ్లకు ఇచ్చిన వెసులుబాటు అది. జ్ఞానులు తెచ్చిన బంగారం అప్పటికే చేతిలో ఉంటే వాళ్లు గొర్రెపిల్లనే తెచ్చేవాళ్లు కదా అని చాలామంది వ్యాఖ్యాతలు తర్కించారు. తర్కమే గానీ, కథ నడపడానికి ఇది చక్కని దారి చూపిస్తుంది:

"కాపరులు తిరిగి తమ మందల దగ్గరకు వెళ్లారు. ఎనిమిదో రోజున బిడ్డకు యేసు అని పేరు పెట్టారు. నలభై రోజులు గడిచాయి. తల్లిదండ్రులు బిడ్డను యెరూషలేము దేవాలయానికి తీసుకొచ్చారు. వాళ్లు తెచ్చిన అర్పణ బీదలు తెచ్చే అర్పణ, రెండు పక్షులు. అదే యెరూషలేములో హేరోదు రాజనగరు ఉంది. ఒక రోజున ఆ నగరంలోకి దూరదేశం నుంచి కొందరు వచ్చారు. వాళ్లు అడిగిన ప్రశ్న ఊరంతటినీ కలవరపెట్టింది."

ప్రశ్న ఏమిటో చెప్పలేదు. మత్తయి చెబుతాడు. నలభై రోజులు, రెండు పక్షులు అన్న మాటలు విన్న శ్రోతకు కాలం గడిచిందని తెలుస్తుంది, ఆ కుటుంబం బీదదని తెలుస్తుంది. బంగారం, సాంబ్రాణి, బోళం వచ్చేసరికి ఆ తేడా దానంతట అదే మనసులో పడుతుంది. ఈ మాటలు చదువుతుండగానే కాపరుల వేషం వేసిన పిల్లలు వేదిక దిగిపోవాలి. వాళ్లు అక్కడే నిలబడి ఉంటే చెవికి ఒక కథ, కంటికి ఇంకో కథ అవుతుంది.

అతకని చోటు కూడా ఉంది. దేవాలయం తరువాత కుటుంబం నజరేతుకు తిరిగి వెళ్లిందంటాడు లూకా. జ్ఞానుల తరువాత ఐగుప్తుకు పారిపోయిందంటాడు మత్తయి. ఈ రెంటినీ ఒక నిమిషంలో సర్దిచెప్పడానికి ప్రయత్నించే వ్యాఖ్యానం చివరికి ప్రసంగంగా మారుతుంది. క్యారల్ సర్వీసు ఆ దాకా వెళ్లనక్కర్లేదు. జ్ఞానులు మరో దారిన తమ దేశానికి వెళ్లిపోయారన్న మాటతో ఆగవచ్చు. హేరోదు చంపించిన పిల్లల సంగతి చెప్పాలా వద్దా అన్నది సంఘం పెద్దలు కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. చెప్పదలచుకుంటే ఒక్క వాక్యంలో, ఏ అలంకారమూ లేకుండా చెప్పి, కాసేపు మౌనం పాటించాలి. దాని వెంటనే హుషారైన పాట మాత్రం పెట్టకూడదు.

వాక్యభాగాన్ని మధ్యలో విరిచి పాట పెట్టడం ఇంకో మంచి ఉపాయం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో 'రాజులకు రాజు పుట్టెనన్నయ్య' అందరికీ నోటికి వచ్చిన పాట. ఒకరినొకరు పిలుచుకుని, చూసి వద్దాం రండని బయలుదేరే ధోరణి అందులో ఉంది. లూకాలో కాపరులు బేత్లెహేముకు వెళ్దామని తమలో తాము చెప్పుకునేది పదిహేనో వచనంలో. అక్కడ చదవడం ఆపి ఈ పాట ఎత్తుకుంటే, పాడుతున్న సంఘమంతా కాపరుల నోటి మాటను అందుకున్నట్టవుతుంది. పాట అయ్యాక అదే మనిషి లేచి పదహారో వచనం నుంచి చదువుతారు: వాళ్లు త్వరగా వెళ్లి చూశారు. ఇలాంటి చోట వ్యాఖ్యాత నోరు విప్పనవసరమే లేదు.

భాష సంగతి కూడా ఉంది. మన చర్చిల్లో ఎక్కువగా చదివే తెలుగు బైబిలుది గ్రాంథిక ధోరణి. వ్యాఖ్యానం కూడా అదే ధోరణిలో రాస్తే ఏది వాక్యమో ఏది వ్యాఖ్యాత మాటో వినేవాళ్లకు తెలియదు. ఇప్పటి మాటల్లో, చిన్న చిన్న వాక్యాల్లో రాస్తే రెండు గొంతులూ విడివిడిగా వినిపిస్తాయి, వాక్యం మొదలైన క్షణం చెవికి పట్టుబడుతుంది. పేర్లను మాత్రం బైబిల్లో ఉన్నట్టే ఉంచాలి. వ్యాఖ్యాత జోసఫ్ అని, చదివేవాళ్లు యోసేపు అని అంటే పిల్లలు ఇద్దరు మనుషులనుకుంటారు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో కూడుకునే తెలుగు సంఘాల్లో పిల్లలకు తెలుగు చదవడం రాదు, తాతలకు ఇంగ్లీషు అందదు. అక్కడ ప్రతి వ్యాఖ్యానాన్నీ రెండు భాషల్లో చదివితే ఏడు నిమిషాలు పద్నాలుగవుతాయి, కథ ప్రతి మలుపులోనూ వెనక్కి నడుస్తుంది. ఒక అతుకు తెలుగులో, తరువాతిది ఇంగ్లీషులో రాసి, వాక్యాన్ని ఆ రెండో భాషలో చదివిస్తే ఎవరికీ కథ తెగదు.

రాసింది పనిచేస్తుందో లేదో ముందే తెలుసుకోవచ్చు. పాటలూ వాక్యాలూ లేకుండా వ్యాఖ్యానం ఒక్కటే వరుసగా చదివి చూడాలి. కథ మొత్తం అర్థమైపోయిందంటే అందులో అనవసరమైనది చాలా ఉంది, వాక్యం పనిని అది లాక్కుంది. ప్రతి అతుకు చివరా "తరువాత?" అన్న ప్రశ్న మిగిలితే సరిగ్గా ఉన్నట్టు. ఇక రిహార్సల్‌లో పాటలు పూర్తిగా పాడనక్కర్లేదు గానీ, మార్పులు మాత్రం ప్రతిదీ చేసి చూడాలి. వ్యాఖ్యాత చివరి వాక్యం, చదివేవాళ్లు లేచి మైకు దగ్గరకు నడవడం, వాక్యం చివరి మాట, కీబోర్డు మొదటి స్వరం. చదవాల్సినవాళ్లు వెనక బెంచీల్లో కూర్చుంటే ఒక్కో నడక అర నిమిషం తింటుంది. వాళ్లను ముందు వరుసలో కూర్చోబెడితే చాలు. దీపాలు తగ్గించి కొవ్వొత్తులు వెలిగించే సర్వీసైతే వ్యాఖ్యాత కాగితం మీద అక్షరాలు పెద్దవిగా ఉండాలి, పక్కన చిన్న లైటు ఉండాలి.

పాటల జాబితా అందడం ఆలస్యమైతే ఇవేవీ సాగవు. ప్రతి బృందం తనకు వచ్చిన పాటను తాను నేర్చుకుని, సర్వీసు రెండు రోజులుందనగా చెబితే, కాపరుల పాటలు మూడు, మరియ గురించి ఒక్కటీ లేదు అన్న పరిస్థితి వస్తుంది. అప్పుడు ఎంత మంచి వ్యాఖ్యాతైనా చేయగలిగింది లేదు. నవంబరులోనే వాక్యభాగాల వరుస ఖాయం చేసి, ఒక్కో బృందానికి పాట పేరు బదులు కథలో చోటు ఇవ్వాలి. సండే స్కూలుకు కాపరులు, యూత్‌కు జ్ఞానులు, స్త్రీల సమాజానికి మరియ. ఆ చోటుకు సరిపోయే పాటను వాళ్లే వెతుక్కుంటారు, చాలాసార్లు వ్యాఖ్యాతకు తెలియని మంచి కీర్తన ఒకటి బయటకు తీస్తారు కూడా.

చివరి పాఠం యోహానుది. అందులో పాత్రలు లేవు, ఊరు లేదు, రాత్రి లేదు. ఆరు భాగాల్లో జరిగినదంతా ఎందుకు జరిగిందో అది చెబుతుంది. కింగ్స్‌లో దీన్ని ప్రొవోస్టు చదువుతారు, సభ అంతా లేచి నిలబడుతుంది. దీనికి ముందు వ్యాఖ్యానం అన్నిటికంటే చిన్నది కావాలి: "జ్ఞానులు మరో దారిన తమ దేశానికి వెళ్లిపోయారు. చాలా ఏళ్ల తరువాత యోహాను ఈ సంగతిని రాయడానికి కూర్చున్నాడు. ఆయన బేత్లెహేము దగ్గర మొదలుపెట్టలేదు. అందరం లేచి నిలబడి విందాం." వాక్యం అయ్యాక వ్యాఖ్యాతకు మాట లేదు. చదివినవాళ్లు బైబిలు మూయగానే కీబోర్డు అందుకోవాలి, నిలబడి ఉన్న సంఘమంతా చివరి పాట పాడాలి. సందేశం, కానుకలు, ప్రకటనలు ఏవైనా ఉంటే అవన్నీ దీనికి ముందే ఎక్కడో అయిపోయి ఉండాలి.